ఏడో అధ్యాయం: ‘కొంచెం లూజు చెయ్యండి’ అని రాయకండి

నాకు జాకెట్లు కుట్టే మాస్టరు గారు కొత్తవలసలో ఉంటారు. నేను గీదంలో ఉంటాను. జగదల్‌పూర్ నుంచి వచ్చే రోడ్డు బీజాపూర్ వైపూ దంతెవాడ వైపూ చీలే చోట ఉన్న బజారు ఊరు ఇది. బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడానికి 1960లలో వేసిన కొత్తవలస-కిరందుల్ రైలు మార్గం మా ఊరి మీదుగానే వెళ్తుంది. అందుకని ఆ గీతకు ఒక చివర మా పుట్టిల్లు, రెండో చివరకు దగ్గరగా మా కాపురం. పచ్చళ్లూ అప్పడాలూ ఈ దారినే వస్తాయి. జాకెట్లూ అంతే. ఎవరో ఒకరు తెచ్చిపెడతారు. వానాకాలంలో అనంతగిరి ఘాటులో కొండరాళ్లు పడి రైళ్లు ఆగితే వారాల తరబడి ఏదీ రాదు.

ఇక్కడ కుట్టేవాళ్లు లేరని కాదు, ఉన్నారు. పెళ్లి జాకెట్టు దగ్గర నుంచీ నాకు కుట్టిన చెయ్యి ఆయనదని ఒక మొండితనం, అంతే. దాని వల్ల వచ్చిన ఇబ్బంది ఒక్కటే. వేసుకుని చూపించి ‘ఇదిగో, ఇక్కడ పట్టేస్తోంది’ అని వేలు పెట్టి చెప్పే వీలు లేదు. ఏం చెప్పినా కాగితం మీదే చెప్పాలి.

ఫోను ఉందిగా అంటారు. ఫోన్లో మాస్టరు గారు ‘అలాగేనమ్మా’ అంటారు, నిజంగానే చేద్దామనుకుంటారు కూడా. కానీ కుట్లు విప్పేది ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు. ఫోన్లో విన్నది ఆ కుర్రాడు కాదు. జాకెట్టు మిషన్ మీదకెక్కేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. అప్పుడు ఆ బట్టతో పాటు ఉండేది దానికి పిన్ను పెట్టిన కాగితం ఒక్కటే.

మా ఆడపడుచు కూతురి పెళ్లికని ఉప్పాడ పట్టుచీర మీదకు లైనింగ్ వేసి కుట్టించిన జాకెట్టు వచ్చినప్పుడు నేను రాసిన మొదటి చీటీ ఇది: ‘మాస్టరు గారూ, జాకెట్టు చాలా బిగుతుగా ఉంది. ఒక అంగుళం లూజు చెయ్యగలరు.’

ఆయన సరిగ్గా ఒక అంగుళం లూజు చేశారు. చంక నుంచి నడుము దాకా రెండు పక్కలా సమానంగా వదిలారు. ఫలితంగా బాగానే ఉన్న నడుము వదులై ముడతలు పడింది. ఛాతీ దగ్గర హుక్కు ఇంకా ఊపిరి బిగబట్టి పెట్టుకోవాల్సిందే. చేతులు ఎంత బిగుతుగా వెళ్లాయో అంత బిగుతుగానే తిరిగొచ్చాయి. ఆయన తప్పేమీ లేదు, నేనడిగిందే చేశారు. ‘బిగుతు’ అన్నానే గానీ ఎక్కడో చెప్పలేదు. ‘అంగుళం’ అన్నానే గానీ దేనికి అంగుళమో చెప్పలేదు.

రెండో చీటీ రాయడానికి నాకు ఒక పూట పట్టింది. రాయడానికి పది నిమిషాలు చాలు. మిగతా సమయమంతా చూసుకోవడానికే పోయింది.

ముందు జాకెట్టు వేసుకుని హుక్కులన్నీ పెట్టి, మంచి వెలుతురులో అద్దం ముందు నిలబడండి. చేతులు రెండూ కిందికి వదిలేయండి. బట్ట మీద పడే గీతల్ని చూడండి. బట్ట ఎక్కడ చాలలేదో అక్కడి నుంచి గీతలు బయల్దేరతాయి. హుక్కుకీ హుక్కుకీ మధ్య పట్టీ నోరు తెరిచి, అక్కడి నుంచి అడ్డంగా పక్కలకు గీతలు లాగితే ఛాతీ చుట్టుకొలత చాలలేదని అర్థం. చంక మూల నుంచి ఛాతీ మీదకు ఏటవాలుగా గీతలు వస్తే చంక దగ్గర పట్టేస్తోంది. చేతి మీద అడ్డంగా మడతలు పడి, జాకెట్టు విప్పాక చర్మం మీద అంచు అచ్చు మిగిలితే చేతి లూజు తక్కువ. ఇప్పుడు అటక మీద డబ్బా దించుతున్నట్టు రెండు చేతులూ ఎత్తండి. కింది పట్టీ మొత్తం పైకి లేచి, చేతులు దించాక కూడా అక్కడే ఉండిపోతే, చాలా మంది నడుము బిగుతు అనుకుంటారు. నాకూ అలాగే అనిపించింది. నిజానికి పైన చంక దగ్గర బట్ట చాలక కిందిదాన్ని లాక్కుంటోంది. హుక్కులు విప్పకుండానే నడుము పట్టీ దగ్గర రెండు వేళ్లు దూర్చి చూస్తే సంగతి తేలిపోతుంది.

తర్వాత టేపు. ఇక్కడ మూడు కొలతలు కావాలి. ఒళ్లు కొలత, మీకు బాగా కుదిరిన పాత జాకెట్టు కొలత, ఇప్పుడొచ్చిన దాని కొలత. జాకెట్టును హుక్కులు పెట్టి బల్ల మీద వెల్లకిలా పరిచి, లాగకుండా చేత్తో సర్ది, ఒక చంక కుట్టు నుంచి రెండో చంక కుట్టు దాకా కొలిచి రెట్టింపు చెయ్యాలి. నావి ఇలా తేలాయి. ఒంటి ఛాతీ 35½ అంగుళాలు. ఆది జాకెట్టు అడ్డంగా 18¼, అంటే చుట్టూ 36½. పట్టు జాకెట్టు మొదట వచ్చినప్పుడు 34, అంగుళం వదిలాక 35. ఒంటికన్నా అర అంగుళం చిన్నది. ఇంకా బిగుతుగా ఉందని నేను గొణుక్కోవడం ఊరికే కాదన్నమాట.

ఆది జాకెట్టు గురించి ఒక మాట చెప్పాలి, సగం తగువులు ఇక్కడే మొదలవుతాయి. నేను ఆదికి పంపింది నాలుగేళ్లుగా వేసుకుంటున్న నూలు జాకెట్టు. ఉతికి ఉతికి మెత్తబడింది, లైనింగ్ లేదు, ఒంటితో పాటు సాగుతుంది. దాన్ని పరిచి కొలిస్తే వచ్చే అంకె, అది ఒంటి మీద నిజంగా ఇచ్చే వదులు కన్నా తక్కువే చూపిస్తుంది. అదే అంకెతో లైనింగ్ వేసిన పట్టు కుడితే రెండు పొరలు కలిసి అట్టలా నిలబడతాయి, సాగవు. కాబట్టి నూలు ఆదికి లైనింగ్ జాకెట్టు కుట్టించేటప్పుడు ఛాతీకి కనీసం అర అంగుళం ఎక్కువ అడగాలి. ఆ లెక్కన నాకు కావలసింది 36½ కాదు, 37.

ఇప్పుడున్నది 35, కావలసింది 37. తేడా రెండు అంగుళాలు. రెండంగుళాలు వదలండి అని రాస్తే అయిపోతుందా? అవదు. చీటీలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట అదే. పక్క కుట్టును విప్పి చూస్తే ఒక్కో పక్కా రెండు అంచులుంటాయి, ముందు ముక్కదొకటి, వెనక ముక్కదొకటి. రెండు పక్కలా కలిపి నాలుగు. కుట్టు గీతను పావు అంగుళం బయటికి జరిపితే నాలుగు పావులు కలిసి చుట్టుకొలతలో ఒక అంగుళం పెరుగుతుంది. అర అంగుళం జరిపితే రెండు. ‘రెండంగుళాలు’ అన్న మాటను ఒకరు మొత్తం మీద రెండు అనుకుంటారు, ఒకరు పక్కకు రెండు అనుకుంటారు. అందుకే వదలాల్సింది రాయకుండా, చివరికి ఎంత ఉండాలో రాయాలి: ‘ఇప్పుడు 35, 37 కావాలి.’ ఆ అంకెను రెండు రకాలుగా చదవడం కష్టం.

చేతికి లెక్క వేరు. చేతికి కుట్టు ఒక్కటే, అంచులు రెండే. అర అంగుళం జరిపితే ఒక అంగుళమే పెరుగుతుంది. నా చేతి అంచు చుట్టూ 11½ ఉంది, నా చెయ్యి కూడా అక్కడ సరిగ్గా 11½. ఊపిరాడటానికి 12½ కావాలి. ఇక్కడ నాకు కలిసొచ్చిన సంగతి ఒకటుంది. పక్క కుట్టునూ చేతి కుట్టునూ రెండింటినీ అర అంగుళమే జరపాలి. చంక కింద ఆ రెండు కుట్లూ కలుస్తాయి. ఒకదాన్ని వదిలి రెండోదాన్ని వదలకపోతే చంక చుట్టు పెద్దదై చెయ్యి చిన్నదిగా మిగులుతుంది. అప్పుడు మిగిలిన బట్టను ముడతలు పెట్టి కుట్టేస్తారు. మీ దగ్గరున్న జాకెట్లలో చంక కింద చిన్న కుచ్చులా ముడత ఉన్నది ఏదైనా ఉంటే తీసి చూడండి, అక్కడ జరిగింది ఇదే కావచ్చు.

ఆఖరికి జాకెట్టును తిరగేసి లోపల ఎంత బట్ట వదిలారో కొలవాలి. ఇది కొలవకుండా రాసిన చీటీ ఉత్త కోరిక. నాకు పక్కల్లో కుట్టు అవతల ఒక అంగుళం ఉంది. అర అంగుళం వాడుకుంటే అర మిగులుతుంది. పట్టు పోగులు ఊడే బట్ట, కాబట్టి పావు కన్నా తక్కువ మిగిలితే నాలుగు సార్లు కట్టేసరికి కుట్టు జారిపోతుంది. చేతుల్లో ముప్పావు అంగుళం కనిపించింది. అర పోతే పావు, అంటే అంచు మీద ఉన్నట్టే. తర్వాత తెలిసిందేమిటంటే నేను కుడి చెయ్యి ఒక్కటే కొలిచాను.

పాత కుట్టు రంధ్రాల సంగతి కూడా చూసుకోవాలి. వదిలినప్పుడు పాత గీత బయటికి వస్తుంది. నూలు బట్టయితే తడిపి ఇస్త్రీ చేస్తే సూది బెజ్జాలు చాలా వరకు పూడుకుంటాయి. పట్టులో, టిష్యూలో, జరీ నేతలో పూడవు. చంక కింద, పక్కన అయితే చెయ్యి కప్పేస్తుంది కాబట్టి ఫరవాలేదు. అదే ఛాతీ మీది డాట్లు విప్పితే ఆ రంధ్రాల వరస అందరికీ కనిపిస్తుంది. డాట్లు విప్పొద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. విప్పితే వెడల్పు వస్తుంది, నిజమే, కానీ ఒంటి వంపుకి సరిపడేలా బట్టకు ఆకారం ఇచ్చేవే అవి. అవి పోతే జాకెట్టు వదులుగా ఉంటుంది కానీ కుదరదు.

చంక పట్టేస్తోందని చెప్పగానే కొందరు చేసే మొదటి పని చంకను ఇంకాస్త లోతుగా కత్తిరించడం. దయచేసి ఒప్పుకోకండి. నిలబడి ఉన్నప్పుడు హాయిగానే ఉంటుంది. చెయ్యి ఎత్తగానే జాకెట్టు మొత్తం చేతితో పాటు లేస్తుంది. చంక ఎంత కిందికి దిగితే చెయ్యి ఎత్తినప్పుడు పక్క బట్టను అంత ఎక్కువగా పైకి లాగుతుంది మరి. పైగా కత్తిరించిన మేరకు ఛాతీ వెడల్పు కూడా పోతుంది. వదిలింది మళ్లీ పట్టుకోవచ్చు, కత్తెర పడ్డది రాదు. లోపల బట్ట అసలు లేకపోతే దానికి మందు వేరే ఉంది. చంక కింద నాలుగు పలకల ముక్క ఒకటి అతకడం. అందుకే జాకెట్టు ముక్కలో మిగిలిన పేలికను కూడా అడిగి తెచ్చుకుని దాచుకోవాలి. అది లేకపోతే ఆ రంగుకు దగ్గర రంగు వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇవన్నీ చూసుకున్నాక జాకెట్టు లోపలి వైపు, వదలాల్సిన చోట ఎర్ర దారంతో పొడుగు టాకాలు వేశాను. చంక కింద రెండు, చేతుల్లో రెండు. తర్వాత ఈ చీటీ రాసి చంక దగ్గర పిన్ను పెట్టాను.

‘మాస్టరు గారికి నమస్కారం. ఉప్పాడ పట్టు జాకెట్టు మళ్లీ పంపిస్తున్నాను. పోయినసారి ఒక అంగుళం అని నేనే సరిగా రాయలేదు. మీరు రాసినట్టే చేశారు.

ఛాతీ: హుక్కులు పెట్టి పరిచి కొలిస్తే ఇప్పుడు చుట్టూ 35 ఉంది. 37 కావాలి. పక్కల్లో ఒక అంగుళం బట్ట ఉంది, చూశాను. చంక దగ్గర కుట్టు అర అంగుళం బయటికి తేవాలి.

నడుము: ఇప్పుడు 30½ ఉంది, వదులైంది. మొదట మీరు కుట్టిన 29½ బాగుంది. నడుము దగ్గర ఆ పాత గీత మీదకే రండి. పైన వదులు, కింద పాత గీత, మధ్యలో ఏటవాలుగా.

చేతులు: అంచు చుట్టూ 11½ ఉంది. 12½ కావాలి. చేతి కుట్టు కింది నుంచి చంక దాకా సమానంగా అర అంగుళం వదలండి. పొడుగు తగ్గించవద్దు.

చంక లోతు కత్తిరించవద్దు. డాట్లు, మెడ, భుజం బాగున్నాయి, వాటిని కదపవద్దు. లైనింగ్ కూడా పై బట్టతో పాటు అంతే వదలాలి.

ఎర్ర దారం వేసిన చోట్లే పని. ఎక్కడైనా లోపల బట్ట చాలకపోతే అతుకు వేయకుండా ఆపి నాకు చెప్పండి. పెళ్లి 22వ తేదీన. 15 లోపల మా తమ్ముడి చేతికిస్తే రైల్లో వచ్చేవాళ్లతో పంపుతాడు. ఈసారి కూలి నాది, ఎంతో తమ్ముడికి చెప్పండి.’

లైనింగ్ గురించి ఒక వాక్యం ఎందుకు రాశానని మా ఆడపడుచు అడిగింది. పై బట్ట వదిలి లైనింగ్ వదలకపోతే బిగుతు ఎక్కడికీ పోదు, లోపలికి దాక్కుంటుంది. పైన పట్టు ఉబ్బుగా నిలుస్తుంది, లోపల నూలు పట్టేసే ఉంటుంది. తొందర పనిలో ఇది జరుగుతుంది.

కూలి సంగతి కూడా ఆలోచించే రాశాను. మొదట బిగుతుగా కుట్టింది ఆయన లెక్క, దానికి ఆయన కూలి తీసుకోలేదు. రెండోసారి పని పడింది నా చీటీ వల్ల. రెండింటినీ కలిపి ఆయన నెత్తిన పెడితే ఆయన మాట అనరు, నిజమే. కానీ ఆ జాకెట్టు సంచీ అడుగుకు వెళ్లిపోతుంది. శ్రావణమాసంలో ఆ సంచీకి అడుగు కనపడదు.

గీదం బజార్లోనే వదిలించుకునేవాళ్లకు ఇదే చీటీ హిందీలో కావాలి. తెలుగు లిపిలో రాసుకుని చదివి వినిపించినా సరిపోతుంది. ఛాతీని సీనా అంటారు, నడుముని కమర్, చంక చుట్టుని మోఢా, వదులుని ఢీలా అంటారు. ముఖ్యంగా చేర్చాల్సిన మాట ‘కుల్ మిలాకర్’. మొత్తం కలిపి అని అర్థం. ‘సీనా కుల్ మిలాకర్ సైఁతీస్’ అంటే అన్నీ కలుపుకుని ముప్పై ఏడు. ఆ రెండు మాటలూ లేకుండా ‘దో ఇంచ్ ఢీలా’ అన్నారంటే కొత్తవలసలో నాకు జరిగిందే ఇక్కడ మీకు జరుగుతుంది. దుకాణంలో పది మంది మగవాళ్ల ముందు ఛాతీ కొలత గట్టిగా చెప్పలేక ‘థోడా ఢీలా’ అని వచ్చేసే ఆడవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లకు చీటీ మరీ అవసరం. అంకెలు రాసి జాకెట్టులో మడిచి ఇస్తే నోరు విప్పనక్కర్లేదు.

మా జాకెట్టు 17న వచ్చింది. తమ్ముడి స్నేహితుడు జగదల్‌పూర్‌లో పనుండి దిగిపోయి, మర్నాడు బస్సులో తెచ్చిచ్చాడు. పరిచి కొలిచాను. ఛాతీ 37. నడుము 29½. కుడి చెయ్యి 12½. ఎడమ చెయ్యి 12.

నేను పిన్ను పెట్టిన చీటీయే, వెనక్కి తిప్పి ఉంది. నీలం పెన్సిల్‌తో మాస్టరు గారి రాత: ‘అమ్మా, ఎడమ చేతిలో బట్ట అర అంగుళమే ఉంది. పావు వదిలాను, పావు ఉంచాను. ఇంకా కావాలంటే ముక్క వేయాలి, వేయొద్దన్నారు కాబట్టి ఆపాను. ఈసారి ఆదికి ఈ పట్టుదే పంపండి, ఆ నూలుది వద్దు.’